పది స్టెప్పుల్లో నాలుగు చోట్ల యాసిడ్: ఒక కాలేజీ అమ్మాయి కేసు

జనవరి రెండో వారంలో ఒక సాయంత్రం ఆమె మా క్లినిక్‌కి వచ్చింది. వయసు 19, డిగ్రీ రెండో ఏడాది. సొంతూరు కడప దగ్గర, చదువు కోసం బెంగళూరు వచ్చి ఏడాదిన్నర. బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి ఉంటుంది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు మార్చి శ్రావణి అని పిలుస్తాను.

మాస్కు తీయడానికే రెండు నిమిషాలు ఆలోచించింది. తీశాక అన్న మొదటి మాట, "మేడమ్, మొటిమలు ఆగట్లేదు. ఏం రాసినా ఎక్కువవుతున్నాయి." రెండో మాట కాసేపటికి, వేరే ఏదో చెబుతూ మధ్యలో అంది. "పొద్దున మొహం కడుక్కుంటే వట్టి నీళ్లకే మంట."

నాకు ఆ రెండో మాటే ముఖ్యం అనిపించింది. మొటిమ నొక్కితే నొప్పి పెడుతుంది, కానీ మామూలు నీళ్లు తగిలితే మొహమంతా మండటం మొటిమల లక్షణం కాదు. అది చర్మం పై పొర దెబ్బతిందని చెప్పే గుర్తు.

వెలుతురులో దగ్గరగా చూశాను. రెండు చెంపలు, పెదవుల పక్కలు, దవడ అంచు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు మీద ఆవగింజల్లాంటి చిన్న పొక్కులు, అన్నీ దాదాపు ఒకే సైజులో. చెంప మీద చర్మం బిగుతుగా, పల్చటి ప్లాస్టిక్ కవరు లాగి అతికించినట్టు మెరుస్తోంది. ముక్కు పక్క మడతల్లో సన్నగా పొట్టు లేస్తోంది. నుదురు, గడ్డం మాత్రం వేరుగా ఉన్నాయి. అక్కడ బ్లాక్‌హెడ్స్, చర్మ రంధ్రాలు మూసుకుపోయి లేచిన తెల్లటి గుల్లలు, నాలుగైదు చీము మొటిమలు. అంటే ఒకే మొహం మీద రెండు సమస్యలు. నుదుటి మీద, గడ్డం మీద ఉన్నవి అసలైన మొటిమలు. చెంపల మీద ఉన్నది రాసుకున్నవాటి వల్ల వచ్చిన ఒరుపు, అంటే వాటి ఘాటుకు చర్మం రేగిపోవడం. శ్రావణి దృష్టిలో రెండూ మొటిమలే, అందుకే రెండింటికీ ఒకటే వైద్యం చేసుకుంటోంది.

మొటిమ అనాలంటే చర్మ రంధ్రం మూసుకుపోయి ఉండాలి. చెంప మీద ఆ చిన్న పొక్కుల మధ్య ఎంత వెతికినా ఒక్క బ్లాక్‌హెడ్ కనిపించలేదు. ఇంకో మూడు అనుమానాలు కూడా తీర్చుకున్నాను. ఒకే సైజు పొక్కులు ఫంగస్ వల్ల కూడా వస్తాయి, కానీ అవి ఎక్కువగా నుదుటి మీద, ఛాతీ మీద వచ్చి బాగా దురద పెడతాయి. రెండు పొక్కుల నుంచి నమూనా తీసి మైక్రోస్కోపు కింద చూశాను, ఏమీ లేదు. రెండోది హార్మోన్ల తేడా. నెలసరి సక్రమంగానే ఉంది, అవాంఛిత రోమాలు లేవు. మూడోది అడగకుండా వదలకూడని ప్రశ్న: "తెల్లబడటానికని మందుల షాపులో ట్యూబు ఏమైనా కొన్నావా అమ్మా?" మన దగ్గర స్టెరాయిడ్ కలిసిన క్రీములను ఫెయిర్‌నెస్ క్రీముల్లా నెలల తరబడి రాసుకునేవాళ్లు చాలామంది. వాళ్ల మొహం కూడా ఇలాగే ఎర్రగా, పల్చగా అవుతుంది. లేదంది. అయినా మర్నాడు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మన్నాను.

సంచిలో ఏముంది

మర్నాడు తెచ్చిన గుడ్డ సంచి బరువుగానే ఉంది. సీసాలన్నీ బల్ల మీద వరుసగా పెట్టి, రాత్రి ఏది ముందు, ఏది తర్వాత రాస్తుందో ఆమెనే సర్దమన్నాను. పది అయ్యాయి. ముందు క్లెన్సింగ్ ఆయిల్, తర్వాత నురుగొచ్చే ఫేస్‌వాష్, టోనర్, ఎసెన్స్, నియాసినమైడ్ సీరమ్, రెటినాల్ సీరమ్, మొటిమ మీద చుక్కలా పెట్టే జెల్, కళ్ల కింద క్రీము, మాయిశ్చరైజర్, చివర్లో స్లీపింగ్ మాస్క్. పొద్దున మళ్లీ అదే ఫేస్‌వాష్, అదే టోనర్, ఒక విటమిన్ సి సీరమ్, మాయిశ్చరైజర్. సన్‌స్క్రీన్ మాత్రం "క్లాసుకి వెళ్తే".

నేను మాట్లాడకుండా ఒక కాగితం, పెన్ను ఆమెకే ఇచ్చి, ప్రతి సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి, యాసిడ్ అనే మాట ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టమన్నాను. హైలురోనిక్ యాసిడ్, పేరులో యాసిడ్ ఉన్నా, ఒలిచేది కాదు, తేమ పట్టేది. దాన్ని వదిలేయమన్నాను. మిగిలినవి తనే రాసింది. ఫేస్‌వాష్‌లో సాలిసిలిక్ 2 శాతం, టోనర్‌లో గ్లైకోలిక్ 7 శాతం, చుక్క జెల్‌లో మళ్లీ సాలిసిలిక్, స్లీపింగ్ మాస్క్‌లో లాక్టిక్.

"నేను యాసిడ్ ఒక్కటే వాడుతున్నా అనుకున్నాను మేడమ్, టోనర్" అంది.

లెక్క వేయించాను. ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు, టోనర్ రెండుసార్లు, జెల్ ఒకసారి, మాస్క్ ఒకసారి. రోజుకు ఆరు, వారానికి 42. టోనర్ సీసా మీదే వారానికి రెండు మూడుసార్లు చాలని రాసి ఉంది. వీటికి తోడు రాత్రి రెటినాల్, పొద్దున విటమిన్ సి. ఇవి రెండూ ఒరిపించగలవే. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ కాగితమే. పది స్టెప్పులు ఎక్కువా తక్కువా అన్నది కాదు విషయం. క్లెన్సింగ్ ఆయిల్, ఎసెన్స్, కళ్ల క్రీము లాంటివి పది రాసుకున్నా ఈ మంట రాకపోయేదేమో. వేరు వేరు పేర్లతో, వేరు వేరు స్టెప్పులుగా, ఒకే పని చేసే మందు నాలుగుసార్లు మొహం మీదకు ఎక్కింది. స్టెప్పులు లెక్కపెట్టేవాళ్లకు అది కనపడదు.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. ఆగస్టులో ఆమె దగ్గర ఉన్నవి మూడే: ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. గడ్డం మీద నెలకు రెండు మూడు మొటిమలు వచ్చేవి. వాటికోసం టోనర్ వచ్చింది. టోనర్‌తో చర్మం పొడిబారితే ఎసెన్స్ వచ్చింది. మచ్చలకు నియాసినమైడ్, మచ్చలు పోకపోతే విటమిన్ సి. నవంబరులో రెటినాల్ చేరింది. పది రోజులకే చెంపల మీద పొక్కులు. రూమ్మేట్ ధైర్యం చెప్పింది, లోపలున్న చెత్తంతా బయటికి వస్తోంది, ఆపొద్దని.

ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే అమ్మాయిలు నమ్ముతారు. రెటినాల్ లాంటివి మొదలుపెట్టిన కొత్తలో, లోపల అప్పటికే తయారవుతున్న మొటిమలు తొందరగా పైకి రావచ్చు. కానీ అవి ఎప్పుడూ మొటిమలు వచ్చే చోటే వస్తాయి, కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. శ్రావణికి చెంపల మీద అంతకుముందు ఎప్పుడూ మొటిమలు లేవు. కొత్త చోట రావడం, మంట ఉండటం, ఎనిమిది వారాలైనా పెరుగుతూనే ఉండటం, ఈ మూడూ ఒరుపునే చూపిస్తున్నాయి. డిసెంబరులో బెంగళూరు గాలి పొడిగా మారాక అది ముదిరింది.

ఎందుకు నాలుగు వారాలు

చర్మం పై పొరను ఇటుకల గోడతో పోలుస్తాం. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు, ముఖ్యంగా సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు, సున్నం. ఈ గోడ లోపలి తేమను బయటికి పోనివ్వదు, బయటి ఘాటును లోపలికి రానివ్వదు. గ్లైకోలిక్, లాక్టిక్ లాంటి యాసిడ్లు ఇటుకల మధ్య పట్టు వదులు చేస్తాయి, పైన ఉన్న పాతవి రాలిపోతాయి. మితంగా వాడితే అది మంచిదే. రోజుకు ఆరుసార్లు అయితే కింద కొత్త ఇటుకలు తయారయ్యేలోపే పైవి ఊడిపోతుంటాయి. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. అందుకే కోలుకోవడానికి నాలుగు వారాలు గడువు పెట్టాను.

పొద్దున వట్టి నీళ్లతో కడుక్కుని మాయిశ్చరైజర్, తర్వాత సన్‌స్క్రీన్. రాత్రి వాసన లేని, నురుగు తక్కువ వచ్చే క్లెన్సర్, మళ్లీ మాయిశ్చరైజర్. అంతే. మాయిశ్చరైజర్ సెరమైడ్లు ఉన్నది, సువాసన లేనిది. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎంచాను, ఎందుకంటే అప్పటి స్థితిలో మిగతా రకాలు మండే అవకాశం ఎక్కువ. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండిన రెండు గీతలంత రాయమన్నాను. ముక్కు మడతల్లో రాత్రి పల్చగా పెట్రోలియం జెల్లీ. గీజరు వేడి నీళ్లు మొహానికి వద్దు. టవలుతో రుద్దొద్దు, అద్దుకుంటే చాలు.

కొద్దిపాటి స్టెరాయిడ్ క్రీము మూడు నాలుగు రోజులిస్తే ఎరుపు తొందరగా తగ్గేది. కొందరు డాక్టర్లు ఇస్తారు, తప్పు అనను. కానీ ఏది బాగా పనిచేస్తే దాన్ని పెంచుకుంటూ పోయే అలవాటున్న అమ్మాయి చేతికి ఆ ట్యూబు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

"అన్నీ ఒకేసారి ఆపేస్తే మొటిమలు ఇంకా పెరగవా మేడమ్?" అని అడిగింది.

పెరగొచ్చనే చెప్పాను. సాలిసిలిక్, రెటినాల్ ఆగిపోతున్నాయి కాబట్టి మొదటి రెండు మూడు వారాల్లో గడ్డం మీద కొన్ని కొత్తవి రావచ్చు. ఇది ముందే చెప్పకపోతే, మొదటి మొటిమ కనపడగానే సంచి విప్పుతారు. అందుకే మన లెక్కకు ఇప్పుడు మొటిమలు కొలత కాదని, నీళ్ల మంటే కొలత అని చెప్పాను. పొద్దున నీళ్లు కొట్టుకున్నాక మంట ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె ఫోనులో రాసుకోవాలి. మొదటి రోజు అంకె ఏడు.

ఆ రాత్రి వాళ్ల అమ్మగారు ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, నేను ఎప్పట్నించో సున్నిపిండి రాసుకోవే అంటే వినదండీ. ఇప్పుడైనా చెప్పండి." ఆమె బాధ నాకు అర్థమైంది, కానీ ఈ నెల అదీ వద్దనే చెప్పాను. సున్నిపిండి గరుకు, రుద్ది తీయాలి. దెబ్బతిన్న చర్మానికి ఏ రాపిడి అయినా రాపిడే. చిన్నప్పుడు పడింది కదా అని ఇప్పుడు పడదు.

తొమ్మిదో రోజు

ఆరో రోజుకు అంకె మూడుకు దిగింది. పదో రోజు పొద్దున ఫోన్ వచ్చింది, మళ్లీ ఎనిమిది అని. ముందురోజు కాలేజీ ఫెస్ట్ ఉంది. గడ్డం మీద రెండు మొటిమలు లేచాయి. రాత్రి టోనర్ రాసి, పైన స్లీపింగ్ మాస్క్ పెట్టుకుని పడుకుంది. చెప్పడానికి గొంతు రాలేదు పాపం.

కోప్పడలేదు. దాచకుండా చెప్పినందుకు నాకు సంతోషంగానే ఉంది, ఎందుకంటే ఆ పొరపాటు ఇద్దరికీ ఒక సమాచారం ఇచ్చింది. అంతకుముందు వాటిని రోజూ రాసినా మంట అలవాటైపోయి ఏది ఎంత చేస్తోందో తెలిసేది కాదు. కొద్దిగా కోలుకున్న చర్మం మీద ఒక్క రాత్రిలోనే తేడా తెలిసింది. టోనర్ వల్లా, మాస్క్ వల్లా అన్నది మాత్రం చెప్పలేం, రెండూ కలిపి రాసింది కాబట్టి. ఆ మాట ఆమెతోనే చెప్పాను. రెండు కొత్తవి ఒకేసారి రాస్తే, మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్లో తెలియదు. నాలుగు వారాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి సంచి తనే మూటకట్టి సూట్‌కేసులో పెట్టి, తాళం రూమ్మేట్‌కి ఇచ్చింది. ఆపొద్దని చెప్పిన ఆ రూమ్మేట్‌కే.

ఈ మధ్యలో నా పొరపాటు ఒకటి కూడా బయటపడింది. నుదుటి మీద గుల్లలు ఎక్కువగా జుట్టు అంచు వెంబడి వరుసగా ఉన్నాయి. మొదటిరోజే చూశాను, కానీ సీసాల గొడవలో పడి తలనూనె గురించి అడగలేదు. రెండోసారి వచ్చినప్పుడు అడిగితే, శనివారం రాత్రి కొబ్బరినూనె బాగా పట్టించి, పడుకుని, ఆదివారం తలంటుకుంటుందట. రాత్రంతా నూనె నుదుటి మీదకు, దిండు మీదకు దిగుతుంది. నూనె మానేయమనలేదు. తలస్నానానికి రెండు గంటల ముందు పెట్టుకుని, నుదురు తుడుచుకుంటే చాలన్నాను. అది స్కిన్‌కేర్ అని ఆమెకు తట్టలేదు కాబట్టి చెప్పలేదు. అడగాల్సింది నేను.

మళ్లీ అదే కదా?

ఫిబ్రవరి చివరికి అంకె సున్నా. వరుసగా పది రోజులు సున్నా. చెంపల ఎరుపు పోయింది, ఆ చిన్న పొక్కులు ఒక్క మందూ లేకుండానే తగ్గిపోయాయి. ఇప్పుడు మిగిలినవి అసలు మొటిమలు. నుదురు, గడ్డం కలిపి మూసుకున్న గుల్లలు 22, ఎర్రటివి 6. వీటికి మందు కావాలి, వట్టి మాయిశ్చరైజర్‌తో పోవు. స్టెప్పులు తగ్గించడమే వైద్యం అని ఇక్కడ ఆగిపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే.

అడపలీన్ 0.1 శాతం జెల్ చీటీలో రాసిచ్చాను. పేరు వినగానే ఫోనులో వెతికి, "ఇది రెటినాల్ లాంటిదే కదా మేడమ్, మళ్లీ అదే కదా?" అంది. చాలా మంచి ప్రశ్న. అవును, రెండూ ఒకే కుటుంబం. నవంబరులో తప్పు రెటినాల్ ఒక్కదానిదే కాదు. నాలుగు యాసిడ్ సీసాల మధ్యలో, అప్పటికే పల్చబడిన చర్మం మీద, మొదటి రోజు నుంచే రోజూ రాయడం వల్ల తట్టుకోలేకపోయింది. ఇప్పుడు సోమవారం, గురువారం రాత్రులు మాత్రమే. మొహం కడిగి, పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్, తర్వాత మొత్తం నుదుటికీ గడ్డానికీ కలిపి బఠాణీ గింజంత జెల్, పైన మళ్లీ మాయిశ్చరైజర్. మొటిమ మీద చుక్కలా కాదు, ఆ ప్రాంతమంతా, ఎందుకంటే అది రాబోయే వాటిని ఆపే మందు. ముక్కు మడతలకు, పెదవుల మూలలకు, కళ్ల దగ్గరకు పోనివ్వకూడదు. గర్భం వస్తే వాడకూడని మందు ఇది. ఏ వయసు అమ్మాయికైనా ఆ మాట చెప్పే ఇస్తాను, ఆమెకూ చెప్పాను.

మూడో వారంలో కొద్దిగా పొట్టు లేచింది, మంట అంకె రెండు. ఇలాంటప్పుడు పాత శ్రావణి అయితే ఇంకో సీరమ్ కొనేది. ఈసారి ఫోన్ చేసి, "ఒక రాత్రి ఆపనా?" అని అడిగింది. ఆపింది, తగ్గింది. ఏప్రిల్ నుంచి రోజు విడిచి రోజుకు పెంచాం. పన్నెండు వారాలకు, మే చివర్లో లెక్కపెడితే గుల్లలు 7, ఎర్రటివి 1.

మచ్చలు మాత్రం అంత తొందరగా పోవు. మన చర్మం రంగులో మొటిమ తగ్గిన చోట గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. అందుకే క్లాసున్నా లేకపోయినా సన్‌స్క్రీన్ అన్నాను. ఆమెకు ఇంకా ఏదైనా కావాలనిపించింది. కాదనలేదు, కానీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఏమీ కాకపోతే మొహానికి. ఆ తర్వాత రెండు వారాల దాకా ఇంకోటి చేర్చకూడదు. పాత సంచిలోంచి తనే నియాసినమైడ్ 10 శాతం తీసింది. అయిదో రోజుకు చేతి మీద ఎర్రగా దురద. 5 శాతం ఉన్నది కొని మళ్లీ చూసింది, ఏమీ కాలేదు. అదొక్కటే చేరింది. విటమిన్ సి గోధుమ రంగుకు తిరిగిపోయి ఉంది. అలా రంగు మారితే గాలికి పాడైనట్టు, పారేయమన్నాను.

ఈ కేసులో తేల్చి చెప్పలేనివి ఉన్నాయి. అలర్జీ కోసం వీపు మీద చేసే ప్యాచ్ టెస్ట్ చేయించలేదు. అన్నీ ఆపాక నాలుగు వారాల్లో పూర్తిగా తగ్గింది కాబట్టి అవసరం అనిపించలేదు. తగ్గకపోయి ఉంటే, లేదా కనురెప్పలు వాచి ఉంటే చేయించేదాన్ని. పీజీలో నీళ్లు ట్యాంకర్‌వి, బకెట్ అంచున తెల్లటి చారలు కడతాయట. అలాంటి గట్టి నీళ్లు పొడిబారడాన్ని పెంచుతాయి, కానీ ఆమె నీళ్లు మార్చకుండానే కోలుకుంది కాబట్టి దాని వాటా ఎంతో చెప్పలేను.

జూన్ మొదటి వారంలో ఊరి నుంచి వీడియో కాల్ చేసింది. కుడి దవడ మీద నాలుగు మచ్చలు ఇంకా ఉన్నాయి, చెంపలు మామూలుగా ఉన్నాయి. అడపలీన్ అలాగే నడుస్తోంది, ఇంకో మూడు నెలలు నడవాలి. చెప్పాల్సిందంతా అయ్యాక అడిగింది, "ఇక్కడ ఉక్కకి పొద్దున మాయిశ్చరైజర్ జిడ్డు జిడ్డుగా ఉంటోంది మేడమ్. వారం నుంచి అది మానేసి సన్‌స్క్రీన్ ఒక్కటే రాస్తున్నా. అంకె సున్నాయే ఉంది. పరవాలేదా?"

పరవాలేదన్నాను. బెంగళూరు వెళ్లాక, చలికాలంలో మళ్లీ చూసుకుందామన్నాను.